అల్నా ఒక్కటే విరిగినట్టు కనిపిస్తోంది, మోచేయి ఫిల్మ్ కూడా తీయాలా?

చిత్తూరు టెక్నీషియన్ · సోమవారం, రాత్రి 7:10

మాది చిత్తూరులో చిన్న నర్సింగ్ హోమ్. ఎక్స్‌రేలు నేనే తీస్తాను. ఈ సాయంత్రం బంగారుపాళెం వైపు నుంచి ఏడేళ్ల పిల్లోడిని తీసుకొచ్చారు. మామిడి చెట్టు మీద నుంచి చెయ్యి చాపుకుని పడ్డాడు. కుడి ముంజేయి బాగా వాచింది. చీటీలో ముంజేయి ఏపీ, లాటరల్ అని రాశారు, అలాగే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీశాను. అల్నా మధ్యలో గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ ఉంది. వంపు అరచేతి వైపుకు, నా అంచనాలో 15 డిగ్రీలు ఉండొచ్చు. రేడియస్ ఎక్కడా విరగలేదు. డ్యూటీ డాక్టర్ గారు చూసి, స్లాబ్ వేసి పది రోజుల తర్వాత రమ్మందాం అంటున్నారు.

ఫిల్మ్ పైఅంచున మోచేయి సగమే పడింది, అది కూడా ఏటవాలుగా. రేడియస్ తల దాని చోట ఉందా లేదా అన్నది నాకు తేలడం లేదు. చీటీలో లేని మోచేయి ఫిల్మ్ నేనుగా అడిగి తీయడం సబబేనా? పిల్లోడు ఇక్కడే ఉన్నాడు, స్లాబ్ ఇంకా వేయలేదు.

పాకాల భాస్కర్ · రాత్రి 7:22

అన్నా, నేను పద్నాలుగేళ్లుగా ప్లాస్టర్ రూములో పనిచేస్తున్నా. అల్నా ఒక్కటే విరిగిన కేసులు చాలా చూశాను. లాఠీ దెబ్బ తగిలినప్పుడు, తల మీద పడే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అచ్చం ఇలాగే విరుగుతుంది. రేడియస్ బాగుంటే అదే అల్నాకు దన్నుగా ఉంటుంది, స్లాబ్‌తో అతుక్కుంటుంది. పిల్లోడు నొప్పితో ఏడుస్తుంటే మళ్లీ మళ్లీ తిప్పి ఫిల్మ్‌లు తీయడం ఎందుకు?

ఎముకల మేష్టారు · రాత్రి 7:31

ముందు టెక్నీషియన్ గారికి: తప్పకుండా తీయండి. డాక్టర్ గారితో "సార్, మోచేయి సరిగ్గా పడలేదు, ఒక లాటరల్, ఒక ఏపీ తీస్తాను" అని చెప్తే చాలు. స్లాబ్ వేయకముందే తీయాలి. తడి ప్లాస్టర్ పడ్డాక ఆ చిన్న ఎముక అంచులు సరిగ్గా కనిపించవు.

భాస్కర్ గారూ, నేరుగా దెబ్బ తగిలి అల్నా ఒక్కటే విరగడం నిజమే, మీరు చూసినవి అవే అయ్యుంటాయి. ఈ పిల్లోడికి దెబ్బ తగల్లేదు, చెయ్యి చాపుకుని పడ్డాడు. ముంజేతిలో రెండు ఎముకలూ పైనా కిందా ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. అల్నా వంగిందంటే ఆ మేరకు పొట్టయిందన్నమాట. రేడియస్ విరగలేదు, కాబట్టి దాని పొడవు అలాగే ఉంది. ఆ తేడా ఏదో ఒక చివర బయటపడాలి. ఎక్కువసార్లు పైచివర, అంటే మోచేతి దగ్గర రేడియస్ తల కీలు వదిలి జారుతుంది. అందుకే రేడియస్ విరగలేదన్న మాట విని నేను తేలిగ్గా తీసుకోలేను, అక్కడే నాకు అనుమానం మొదలవుతుంది.

ఎలా తీయాలో కూడా చెప్తాను. పిల్లోడిని పొట్టి స్టూలు మీద బల్ల పక్కన కూర్చోబెట్టండి. భుజం, మోచేయి, మణికట్టు మూడూ ఒకే ఎత్తులో బల్ల మీద ఆనాలి. భుజం పైకి ఉంటే లాటరల్ ఎప్పటికీ సరిగ్గా రాదు. మోచేయి 90 డిగ్రీలు వంగితే మంచిది, నొప్పికి వంగకపోతే ఉన్నచోటే ఉంచండి. ముంజేతిని తిప్పవద్దు. అవసరమైతే ట్యూబును తిప్పండి, చేతిని కాదు. కిరణం గురి ముంజేయి మధ్యకు కాకుండా మోచేతికే ఉండాలి. హ్యూమరస్ కింది చివర ఎనిమిది అంకెలా స్పష్టంగా కనిపిస్తే మీ లాటరల్ సరిగ్గా వచ్చినట్టే.

ఇంకొక్క మాట. తీసే ముందు పిల్లోడిని బొటనవేలు పైకెత్తి చూపమనండి. తర్వాత మిగతా వేళ్లను పిడికిలి కణుపుల దగ్గర నుంచి పైకి చాపమనండి. ఏం చేయగలిగాడో, ఏం చేయలేకపోయాడో అలాగే ఇక్కడ రాయండి.

పీజీ రెండో ఏడు · రాత్రి 7:40

మేష్టారు చెప్పేది మాంటెజియా, అంటే అల్నా విరిగి రేడియస్ తల జారడం. చూడటం చాలా తేలిక. లాటరల్‌లో రేడియస్ షాఫ్ట్ మధ్య నుంచి గీత గీయండి. అది హ్యూమరస్ కింది చివర గుండ్రంగా ఉండే క్యాపిటెల్లమ్ మధ్యలోంచి పోతే డిస్‌లొకేషన్ లేదు, పోకపోతే ఉంది. లాటరల్ ఒక్కటి చాలు, ఏపీ కోసం చెయ్యి చాపించి బాధపెట్టనవసరం లేదు.

ఫిల్మ్ చదివే సుజాత · రాత్రి 7:58

నేను రేడియాలజీలో ఉన్నాను. పీజీ గారు చెప్పినదానిలో గీత సంగతి సరైనదే. రెండుచోట్ల మాత్రం తేడా ఉంది.

మొదటిది, గీత గీయాల్సింది షాఫ్ట్ వెంట కాదు, మెడ వెంట. రేడియస్ నిటారుగా ఉండే ఎముక కాదు, మధ్యలో సహజంగానే వంపు ఉంటుంది. షాఫ్ట్ మధ్య నుంచి స్కేలు పెడితే మామూలు మోచేతిలో కూడా గీత పక్కకు పోవచ్చు. తల కిందనే ఉండే సన్నటి భాగం, అదే మెడ, దాని మధ్య నుంచి దాని దిశలోనే పైకి పొడిగించాలి. ఆ గీత క్యాపిటెల్లమ్‌ను చేరాలి.

రెండోది, లాటరల్ ఒక్కటే చాలదు. తల ముందుకు జారితే లాటరల్‌లో బయటపడుతుంది, ఏపీలో దాదాపు మామూలుగానే ఉంటుంది. తల పక్కకు, అంటే బయటి వైపుకు జారితే అంతా తిరగబడుతుంది: లాటరల్‌లో గీత బాగానే పోతున్నట్టుంటుంది, ఏపీలో మాత్రం తల బయటికి పోయి కనిపిస్తుంది. పిల్లల్లో అల్నా పైభాగాన, కీలుకు దగ్గరగా విరిగినప్పుడు ఈ పక్కకు జారే రకం వస్తుంది. కాబట్టి గీత ప్రతి ఫిల్మ్‌లోనూ సరిపోవాలి, ఒక్కదానిలో తప్పినా అనుమానించాల్సిందే. చెయ్యి చాపలేకపోతే ఏపీని ముంజేయి బల్లకు ఆనించి ఒకటి, పైచేయి ఆనించి ఒకటి తీయొచ్చు, చాపించే పని లేదు.

ఈ గీతకూ హద్దులున్నాయి. చిన్నపిల్లల్లో క్యాపిటెల్లమ్ మొత్తం ఎముకగా మారి ఉండదు. ఏడాది వయసు అటూ ఇటూగా మధ్యలో చిన్న చుక్కలా మొదలై పెరుగుతుంది. ఫిల్మ్‌లో కనిపించే చుక్క అసలు మృదులాస్థికి సరిగ్గా నడిమధ్య ఉండాలని లేదు. అందుకే మామూలు పిల్లల్లోనూ గీత నడిమధ్యలోంచి కాకుండా కాస్త అటో ఇటో పోతుంది. సందేహం వస్తే రెండో మోచేతిని కూడా అదే భంగిమలో తీసి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

చిత్తూరు టెక్నీషియన్ · రాత్రి 8:35

తీశాను. డాక్టర్ గారు వెంటనే ఒప్పుకున్నారు, పక్కనే నిలబడి చూశారు కూడా. లాటరల్ బాగా వచ్చింది, ఎనిమిది అంకె స్పష్టంగా ఉంది. మెడ వెంట గీత పెడితే క్యాపిటెల్లమ్‌కు ముందు నుంచి పోతోంది, దాన్ని తాకడం లేదు. ఏపీలో చూస్తే దాదాపు సరిగ్గానే ఉన్నట్టుంది. ఆ ఒక్క ఏపీనే చూసి ఉంటే నేనైతే మామూలే అనుకునేవాణ్ణి.

బొటనవేలు పైకెత్తలేకపోతున్నాడు. మణికట్టు ఎత్తగలుగుతున్నాడు, ఎత్తేటప్పుడు చెయ్యి బొటనవేలి వైపుకు ఒరుగుతోంది. స్పర్శ అంతా తెలుస్తోంది. నాడి బాగానే ఆడుతోంది.

ఎముకల మేష్టారు · రాత్రి 8:47

రేడియస్ తల ముందుకు జారింది. అల్నా వంపు కూడా ముందుకే అన్నారు కదా, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. అల్నా ఏ వైపుకు వంగితే తల సాధారణంగా ఆ వైపుకే పోతుంది. ఫిల్మ్‌లో కీలు స్పష్టంగా పడనప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తున్నా ఎటువైపు వెతకాలో తెలుస్తుంది.

బొటనవేలు లేవకపోవడం పోస్టీరియర్ ఇంటరాసియస్ నరం మీద ఒత్తిడి పడటం వల్ల. అది రేడియస్ మెడ చుట్టూ తిరిగి వస్తుంది, తల ముందుకు జారితే సాగుతుంది. ఆ నరం వేళ్లను పైకెత్తుతుంది, చర్మానికి స్పర్శనివ్వదు. మొద్దుబారిందా అని అడిగి, లేదంటే నరం బాగుందని రాసేయడం అందుకే చాలాచోట్ల జరుగుతుంది. నరం ఇప్పుడే దెబ్బతిని ఉందని చీటీలో సమయంతో సహా రాయించండి. రేపు తల లోపలికి కూర్చోబెట్టాక చూసి, ఆపరేషన్ వల్ల వచ్చిందా ముందే ఉందా అని ఎవరూ తికమకపడకూడదు. సాధారణంగా తల చోటికి వచ్చాక కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది.

మోచేయి ఉన్న భంగిమలోనే వదులుగా స్లాబ్ కట్టి, ఈ రాత్రికే తిరుపతిలో పిల్లల ఎముకలు చూసేవాళ్ల దగ్గరికి పంపండి. దారిలో వేళ్లు చాపుతుంటే పిల్లోడు భరించలేనంతగా ఏడిస్తే కట్టు వదులు చేయమని తల్లిదండ్రులకు చెప్పండి.

శ్రీకాళహస్తి నాన్న · రాత్రి 9:15

మా పాపకు మూడేళ్లు. పోయిన వారం చెయ్యి పట్టుకుని పైకి లాగితే మోచేయి కదపలేదు. డాక్టర్ తిప్పగానే టక్‌మని చప్పుడు వచ్చింది, ఐదు నిమిషాల్లో ఆడుకుంది. ఎక్స్‌రే తీయలేదు. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. మా పాపకూ ఇదేనా?

ఫిల్మ్ చదివే సుజాత · రాత్రి 9:24

కాదండీ. మీ పాపకు జరిగింది చెయ్యి లాగినప్పుడు వచ్చేది. అందులో ఎముక విరగదు, తల కీలు వదిలి పోదు. దాని చుట్టూ ఉండే పట్టీ కాస్త లోపలికి ఇరుక్కుంటుంది, అంతే. ఐదు నిమిషాల్లో ఆడుకుందంటే మీరు భయపడే పని లేదు. పిల్లలు కింద పడి మోచేయి కదపకపోతే మాత్రం అది వేరే సంగతి. ఎక్స్‌రే చూడకుండా ఎవరినీ తిప్పనివ్వకండి.

పలమనేరు రఘు · రాత్రి 10:02

మీ మాటలన్నీ చదివి నా సంగతి చెప్పాలనిపించింది. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఎనిమిదేళ్లప్పుడు సైకిల్ మీద నుంచి పడినాను. మా నాయన మా ఊళ్లోనే కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోయినాడు. ఆకు పసరు పూసి, వెదురు దబ్బలు పెట్టి కట్టినారు. ఎక్స్‌రే తీయలేదు. ఎముక చక్కగా అతుక్కున్నది, ఇప్పుడు ఫిల్మ్‌లో అల్నా మీద చిన్న వంపు తప్ప ఏమీ లేదు. కానీ మోచేయి మడతలో ముందువైపు గట్టిగా ఒక గడ్డ తగులుతుంది. చెయ్యి పూర్తిగా మడవలేను, చొక్కా కాలరు గుండీ ఆ చేత్తో పెట్టుకోలేను. బరువులు మోసిన రోజు నొప్పి. ఈ మధ్య చూపిస్తే రేడియస్ తల అప్పటి నుంచే బయట ఉన్నదన్నారు. ఇంకో డాక్టర్ చూసి పుట్టుకతోనే అలా ఉన్నదేమో అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

పాకాల భాస్కర్ · రాత్రి 10:11

రఘు అన్నా, కట్టు కట్టినాయన తప్పేం లేదు కదా, ఎముక అతికింది. మా జిల్లాలో పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా నాయనకు కాలు అక్కడే బాగైంది.

ఎముకల మేష్టారు · రాత్రి 10:30

భాస్కర్ గారూ, మీ నాయన గారి కాలు బాగైందంటే సంతోషం. ఇక్కడ ఎముక అతకడం ఎప్పుడూ సమస్య కాదు. పిల్లల్లో అల్నా ఎవరు కట్టినా అతుకుతుంది, మేం వేసే పిండికట్టులోనూ అతుకుతుంది. చిక్కంతా ఆ అతుకు వంకరగా, పొట్టిగా పడటంలో ఉంది. అలా అతుక్కుంటే తల తిరిగి రాలేదు. వాపు మీద చెయ్యి పెట్టి తల ఎక్కడుందో కచ్చితంగా చెప్పడం నాకూ చేతకాదు, దానికి ఫిల్మ్ కావాలి. ఎక్స్‌రే తీసిన ఆసుపత్రుల్లో కూడా ఇది దాటిపోతూనే ఉంటుంది. ఆ తప్పు కట్టు కట్టేవాళ్లదొక్కటే అంటే అన్యాయం. మాంటెజియా అనే సర్జన్ మిలాన్‌లో దీన్ని రాసింది 1814లో, ఎక్స్‌రే వచ్చింది 1895లో. కట్లు విప్పి చెయ్యి చాపాక తల జారి ఉండటం చూశానని ఆయన తన కేసు గురించే రాసుకున్నాడు.

రఘు గారూ, ఫిల్మ్ చూడకుండా చెప్పేది కాబట్టి ఇది సగం మాటగానే తీసుకోండి. పుట్టుకతో జారిన తల ఎక్కువగా వెనక్కి ఉంటుంది, తరచుగా రెండు చేతులకూ ఉంటుంది, క్యాపిటెల్లమ్ చిన్నదిగా ఉంటుంది. మీది ముందుకు ఉంది, పడ్డ చరిత్ర ఉంది, అల్నా మీద పాత వంపు ఉంది. నాకైతే దెబ్బ వల్లే అనిపిస్తోంది. తల గుండ్రంగా గుమ్మటంలా ఉంది కాబట్టి పుట్టుకతోనే అన్నారేమో. చిన్నప్పుడు జారి ఏళ్ల తరబడి బయట ఉన్న తల కూడా అలాగే గుండ్రంగా మారుతుంది, ఆకారం ఒక్కటే చూసి తేల్చలేం. బాగున్న రెండో మోచేయి కూడా తీయించండి.

మీ వయసులో దాన్ని తిరిగి కీలులో కూర్చోబెట్టాలని ఎవరైనా అంటే రెండో అభిప్రాయం తీసుకోండి. నొప్పి మరీ ఎక్కువైతే తలను తీసేసే ఆపరేషన్ ఉంది. నొప్పి తగ్గుతుంది, కానీ దాని వల్ల మణికట్టు దగ్గర ఇబ్బంది మొదలవచ్చు. బరువు మోసిన రోజే నొప్పి అంటున్నారు కాబట్టి తొందరపడమని నేను చెప్పను.

ఫిల్మ్ చదివే సుజాత · మంగళవారం, ఉదయం 6:50

ఎందుకు దాటిపోతుందో నేను రోజూ చూసే వైపు నుంచి చెప్తాను. చీటీలో ముంజేయి అని ఉంటుంది. గురి ముంజేయి మధ్యకు పెడతారు. కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి కాబట్టి మధ్య భాగం సరిగ్గా పడుతుంది, చివర్లలో ఉన్న కీళ్లు ఏటవాలుగా పడతాయి. అలా పడిన మోచేతిలో గీత తప్పినా, ఫిల్మ్ వంకర వల్లేలే అని వదిలేస్తాం. సరిపోయినా నమ్మలేం. ఇంతలో అల్నా విరిగిన చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చూడాల్సింది దొరికిందనుకుని కన్ను అక్కడితో వెతకడం ఆపేస్తుంది. రిపోర్టులో అల్నా ఫ్రాక్చర్ అని రాస్తాం, ఆ మాటే చీటీ నుంచి చీటీకి పోతుంది. తర్వాత చూసేవాళ్లు ఫిల్మ్ కాకుండా రిపోర్టు చదువుతారు.

ఇంతకన్నా చిక్కు రకం ఇంకోటుంది. పిల్లల్లో అల్నా అసలు విరగకుండా వంగిపోవచ్చు. పగులు గీత ఎక్కడా ఉండదు, వట్టి వంపు. అప్పుడు రేడియస్ తల ఒక్కటే జారిందని రిపోర్టు వస్తుంది, లేదా ఏమీ లేదని వస్తుంది. దానికి నేను చేసేది ఇదీ: ముంజేయి సరైన లాటరల్‌లో అల్నా వెనక అంచు మీద, మోచేతి కొన నుంచి మణికట్టు దగ్గరి దాకా స్కేలు పెడతాను. ఆ అంచు దాదాపు నిటారుగా ఉంటుంది. స్కేలుకూ ఎముకకూ మధ్య సందు 1 మిల్లీమీటరు దాటితే అల్నా వంగిందని అనుమానించి మోచేతిని మళ్లీ చూస్తాను. దెబ్బ తగిలిన పిల్లల్లో తల ఒక్కటే జారడం చాలా అరుదు, అలా కనిపించినప్పుడల్లా ఈ స్కేలు పెట్టి చూడాలి.

మరొకటి. చెయ్యి కదిపేటప్పుడు తల దానంతటదే లోపలికి వచ్చేయొచ్చు, మొదటి ఫిల్మ్ మామూలుగా ఉండొచ్చు. పడ్డ పిల్లల్లో అల్నా ఒక్కటే విరిగి కనిపిస్తే, వారం తర్వాత తీసే ఫిల్మ్‌లో కూడా మోచేయి ఉండాలి.

చిత్తూరు టెక్నీషియన్ · బుధవారం, రాత్రి 9:05

పిల్లోడి నాన్న ఫోన్ చేశారు. నిన్న తిరుపతిలో మత్తు ఇచ్చి, అల్నాను లాగి నిటారు చేశారట. అల్నా సరికాగానే తల దానంతటదే చోటికి వచ్చిందట, దాన్ని విడిగా నొక్కాల్సిన పని పడలేదు. అరచెయ్యి పైకి చూసేలా, మోచేయి 90 కన్నా కాస్త ఎక్కువ వంచి భుజం దాకా పిండికట్టు వేశారు. రాడ్ పెట్టలేదు. వారం వారం ఫిల్మ్ తీయాలన్నారు. బొటనవేలు ఇంకా లేవడం లేదు.

పీజీ రెండో ఏడు · రాత్రి 9:20

నేనైతే ఒక సన్నటి ఎలాస్టిక్ నెయిల్ పెట్టమనేవాణ్ణి. 15 డిగ్రీల వంపు మళ్లీ రాకూడదు. పిండికట్టులో వాపు తగ్గగానే అల్నా జారితే ఇంత శ్రమా వృథా.

ఎముకల మేష్టారు · రాత్రి 9:41

గ్రీన్‌స్టిక్‌లో ఎముక ఒక వైపు అతుక్కునే ఉంటుంది, పొడవు సరిగ్గా వచ్చాక ఎక్కువసార్లు నిలబడుతుంది. నేను కూడా కట్టుతోనే మొదలుపెట్టేవాణ్ణి. అల్నా పూర్తిగా, అడ్డంగా విరిగి ఉంటే నెయిల్‌కు ఒప్పుకునేవాణ్ణి, పొడవుగా ఏటవాలుగా విరిగినా ముక్కలైనా ప్లేటు పెట్టాలనేవాణ్ణి. మీరు భయపడేది మాత్రం సరైనదే. మొదటి మూడు వారాలు ప్రతి వారం ఫిల్మ్ తీయాలి, అందులో మోచేయి సరైన లాటరల్ ఉండాలి, గీత మళ్లీ గీయాలి. కట్టు మీద నుంచి తీసిన మసక ఫిల్మ్ చూసి బాగుందని అనుకోవద్దు.

చిత్తూరు టెక్నీషియన్ · తర్వాతి బుధవారం, రాత్రి 8:15

నిన్న వారం ఫిల్మ్ తీశారు. వాపు తగ్గి కట్టు వదులైంది. అల్నా మళ్లీ కొద్దిగా వంగింది, గీత క్యాపిటెల్లమ్ ముందు అంచున ఆగిపోతోంది. ఈ ఉదయం మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి నిటారు చేసి, మోచేతి వెనక నుంచి ఎలాస్టిక్ నెయిల్ దించారు. సి-ఆర్మ్‌లో చేతిని అటూ ఇటూ తిప్పి చూసినా తల నిలబడే ఉందట.

పీజీ రెండో ఏడు · రాత్రి 8:30

మొదటి రోజే పెట్టి ఉంటే రెండోసారి మత్తు తప్పేది.

ఎముకల మేష్టారు · రాత్రి 8:44

ఈ పిల్లోడి విషయంలో తప్పేదే. కానీ ఇలాంటి గ్రీన్‌స్టిక్ అందరికీ నెయిల్ పెడితే, దాన్ని తీయడానికి వాళ్లందరికీ రెండోసారి మత్తు ఇవ్వాలి. నా అభిప్రాయం మారలేదు. వారానికే ఫిల్మ్ తీయడం వల్ల దొరికింది. పది రోజులకో మూడు వారాలకో రమ్మని ఉంటే అతుకు గట్టిపడేది.

పుంగనూరు లక్ష్మి · గురువారం, మధ్యాహ్నం 2:10

నమస్కారం సార్. మా పాపకు తొమ్మిదేళ్లు. ఐదు నెలల క్రితం పడింది, ముంజేయికి కట్టు వేశారు, ఎముక అతికింది. ఇప్పుడు చూస్తే రేడియస్ తల బయటే ఉందంటున్నారు. నొప్పి లేదు, రాస్తుంది, జడ వేసుకుంటుంది, చెయ్యి పూర్తిగా మాత్రం మడవలేదు. ఒక డాక్టర్ ఆపరేషన్ చేయాలన్నారు, ఇంకొకరు నొప్పి లేనప్పుడు ముట్టుకోవద్దన్నారు. మేం ఏం చేయాలి?

పీజీ రెండో ఏడు · మధ్యాహ్నం 3:05

అమ్మా, చేయించండి. ఇప్పుడు నొప్పి లేకపోయినా పెద్దయ్యాక రఘు గారిలాగే అవుతుంది. ఐదు నెలలే కదా, తల ఆకారం ఇంకా పాడై ఉండదు.

ఎముకల మేష్టారు · సాయంత్రం 5:30

లక్ష్మి గారూ, ఇద్దరు డాక్టర్లూ చెప్పిన మాటల్లో ఏదీ తప్పు కాదు, ఈ విషయంలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. ఆపరేషన్‌లో ఏం చేస్తారంటే, వంకరగా అతికిన అల్నాను మళ్లీ కోసి, కాస్త పొడవు పెంచి, వెనక్కి వంచి ప్లేటు బిగిస్తారు. అప్పుడే తలకు చోటు దొరుకుతుంది. దాని చుట్టూ ఉండే పట్టీని కొత్తగా కట్టాలా వద్దా అన్నదానిపై కూడా ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పన్నెండేళ్లలోపు, దెబ్బ తగిలి మూడేళ్లలోపు, తల పైభాగం ఇంకా లోతుగా గిన్నెలాగే ఉన్నప్పుడు ఫలితం మెరుగ్గా వస్తుంది. ఆ లెక్కన మీ పాపకు అవకాశం బాగానే ఉంది. కానీ కొందరికి తల మళ్లీ జారుతుంది, కొందరికి అరచెయ్యి తిప్పడం తగ్గిపోతుంది. ఇప్పుడు హాయిగా తిరుగుతున్న చేతికి అది నష్టమే.

నేను మీ చోట ఉంటే ఇలాంటివి తరచుగా చేసే సర్జన్ దగ్గరికి వెళ్లి రెండు విషయాలు అడుగుతాను: పాప రేడియస్ తల గిన్నెలా ఉందా గుమ్మటమైపోయిందా, అరచెయ్యి పైకీ కిందకీ ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది. ఆ రెండూ తెలిశాక నిర్ణయించండి. ఏడాదులు వాయిదా మాత్రం వేయకండి, తల ఆకారం మారుతూ పోతుంది.

పలమనేరు రఘు · రాత్రి 9:50

లక్ష్మక్కా, నాకు పదిహేనేళ్ల దాకా నొప్పి అన్నదే తెలియదు. అది కూడా మనసులో పెట్టుకో.

మేష్టారూ, రెండు చేతులూ తీయించినాను. ఎడమ మోచేయి మామూలుగానే ఉన్నది.

చిత్తూరు టెక్నీషియన్ · ఆరు వారాల తర్వాత, ఆదివారం

కట్టు తీశారు. అల్నా అతుక్కుంది, గీత రెండు ఫిల్మ్‌లలోనూ క్యాపిటెల్లమ్‌లోంచే పోతోంది. బొటనవేలు కొద్దిగా లేస్తోంది, చూపుడువేలు ఇంకా పూర్తిగా చాపలేడు. నెయిల్ కొన్ని నెలల తర్వాత తీస్తారట. మోచేయి బిగుసుకుపోయి సగమే వంగుతోంది. వాళ్ల అవ్వ రోజూ నూనె రాసి గట్టిగా మర్దన చేసి చెయ్యి వంచుతానంటోందట. చేయనివ్వొచ్చా అని వాళ్ల అమ్మ అడుగుతున్నారు.

మా దగ్గర ఒక మార్పు జరిగింది. ముంజేయి అని చీటీ వస్తే మోచేయి, మణికట్టు రెండూ పూర్తిగా పడే దాకా ఫిల్మ్ పంపడం లేదు. పెద్ద పిల్లలకు ఒకే ప్లేటు మీద అన్నీ పట్టవు కాబట్టి మోచేయి విడిగా తీస్తున్నాను. డాక్టర్ గారే అలా చేయమన్నారు.

ఫిజియో లలిత · ఆదివారం, సాయంత్రం

మర్దన వద్దని గట్టిగా చెప్పండి. దెబ్బ తగిలిన మోచేతిని బలవంతంగా వంచినా, పిసికినా చుట్టూ కండరంలో కొత్త ఎముక పెరిగి కీలు ఇంకా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అవ్వ గారికి నూనె చర్మానికి మెల్లగా రాయడం వరకు వదిలేయండి. పిల్లోడు తన కండరాలతో తాను వంచిందే సరైన వ్యాయామం. గ్లాసుతో నీళ్లు తాగడం, ముద్ద నోటికి తీసుకెళ్లడం, తల దువ్వుకోవడం ఆ చేత్తోనే చేయించండి. రోజులో నాలుగైదుసార్లు, నొప్పి మొదలైన చోట ఆపాలి. ఏడేళ్ల పిల్లోడు కాబట్టి చాలావరకు ఆటలోనే తిరిగి వస్తుంది. వేళ్లు పడిపోకుండా రాత్రి పూట చిన్న స్ప్లింట్ పెట్టాలి, నరం పూర్తిగా కోలుకునే దాకా. వంగడం బాగుపడుతూ ఉండి హఠాత్తుగా తగ్గినా, అరచెయ్యి తిప్పేటప్పుడు లోపల ఏదో తట్టినట్టున్నా వెంటనే మోచేయి లాటరల్ తీసి గీత చూడండి.

చిత్తూరు టెక్నీషియన్ · ఆదివారం, రాత్రి

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను మేడం. స్ప్లింట్ మా దగ్గర లేదు, తిరుపతిలో కొలత ఇచ్చి చేయించుకుంటామన్నారు.